ఇద్దరు మెంబర్ల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్ట్రేషన్ డైరీ: టేబుల్ ఎఫ్ ని ఉన్నదున్నట్టు దించితే వచ్చే తిప్పలు

కంపెనీల చట్టం 2013 లో రిజిస్ట్రేషన్ గురించిన సెక్షన్ 7 అడిగితే కంపెనీ లా స్టూడెంట్లు గడగడా చెప్పేస్తారు, అదే ఫారం ముందు కూర్చోబెడితే ఏ గడిలో ఏం పెట్టాలో తోచదు. ఈ కేసు నడిచినన్నాళ్ళు ఎక్కడ ఆగింది, దేన్ని ఎందుకు మార్చాం అని రాసిపెట్టుకున్న నోట్సే ఇది, చదవడానికి వీలుగా కొంచెం సర్దా. కంపెనీ ఏ పని కోసమో చెప్పే మెమోరాండం కంటే, లోపల ఎలా నడవాలో చెప్పే ఆర్టికల్స్ కే ఎక్కువ చోటు ఇచ్చా, ఎందుకో దశ 4 లో తెలుస్తది. టేబుల్ ఎఫ్ అంటే చట్టమే ఇచ్చిన ఆర్టికల్స్ నమూనా.

దశ 0: కేసు, అంకెలు

వనస్థలిపురంలో ఇద్దరు వదినా మరదళ్ళు పచ్చళ్ళు, కారప్పొడులు చేసి అమ్ముతున్నారు. ఇన్నాళ్ళూ వదిన పేరు మీద ప్రొప్రైటర్‌షిప్, ఇప్పుడు సూపర్‌మార్కెట్ల వాళ్ళు కంపెనీ అయితేనే సరుకు తీసుకుంటామన్నారట. నేను హిమాయత్‌నగర్‌లో ఒక ప్రాక్టీసింగ్ కంపెనీ సెక్రటరీ దగ్గర జూనియర్ని. కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు, క్లయింట్లు వద్దన్నారు, మనుషుల్ని కూడా వదిన, మరదలు అనే రాస్తా.

వాళ్ళు వచ్చేటప్పుడే ఎవరో తెలిసినవాళ్ళు ఇచ్చిన మెమోరాండం, ఆర్టికల్స్ సెట్టు ఒకటి ప్రింట్ తీసి పట్టుకొచ్చారు, పేరు మార్చేసి అదే వేసెయ్యమని. ఈ డైరీలో సగం ఆ సెట్టుతో పడ్డ కుస్తీయే.

ముందు అనుకున్న లెక్క:

1. ఆథరైజ్డ్ క్యాపిటల్ 10,00,000 రూపాయలు, అంటే 10 రూపాయల షేర్లు 1,00,000.
2. ఇప్పుడు తీసుకునేవి 20,000 షేర్లు, చెరి 10,000.
3. కాబట్టి చెరో లక్ష, పెయిడప్ క్యాపిటల్ 2,00,000.

రెండు లక్షలు పెట్టి పది లక్షల ఆథరైజ్డ్ ఎందుకు అని మరదలు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. 15 లక్షల దాకా ఆథరైజ్డ్ క్యాపిటల్ మీద కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ, రిజిస్ట్రేషన్ ఫీజు సున్నా, స్టాంప్ డ్యూటీ ఒక్కటే కట్టాలి. తర్వాత పెంచాలంటే తీర్మానం పెట్టి `SH-7` వేసి ఫీజు కట్టాలి, దానికంటే ఇప్పుడే కొంచెం ఖాళీ ఉంచుకుంటే చవక. ఇక కనీసం లక్ష పెయిడప్ ఉండాలన్న రూలు 2015 సవరణతోనే పోయింది, పాత గైడ్లలో ఇంకా కనిపిస్తది, పరీక్షలో రాయకండి.

దశ 1: డిజిటల్ సిగ్నేచర్లు

ఇద్దరు మెంబర్లు, ఇద్దరు డైరెక్టర్లు, ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇంతే. వీళ్ళిద్దరే రెండు పాత్రల్లోనూ ఉన్నారు. ఇద్దరూ ఇక్కడే ఉంటారు కాబట్టి ఒక డైరెక్టరైనా ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉండాలన్న షరతుతో గొడవ లేదు.

ఆగింది ఇంటిపేరు దగ్గర. వదిన పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. క్లాస్ 3 సిగ్నేచర్ పాన్‌లో ఉన్న పేరుతో వస్తది, ఫారం కూడా పాన్ పేరునే సరిచూస్తది, ఆధార్ వేరే పేరు చూపిస్తే వెరిఫికేషన్ అక్కడే నిలబడిపోతది. ఆధార్ ప్రకారమే బ్యాంకులో, ఓటర్ కార్డులో ఉంది కాబట్టి పాన్‌నే సరిచేయించాం. మన దగ్గర ఆడవాళ్ళ ఫైళ్ళలో ఇది మామూలే, మగవాళ్ళ ఫైళ్ళలోనేమో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటది. ఏ ఫారమూ తెరవక ముందే పాన్, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి.

ఖర్చు: రెండు సిగ్నేచర్లు, టోకెన్లు కలిపి 3,400. ఇప్పటిదాకా: 3,400.

దశ 2: పేరు

2020 ఫిబ్రవరి నుంచి `SPICe+` అనే ఒకే ఫారంలో అంతా జరుగుతోంది, Part A లో పేరు, Part B లో మిగతాదంతా. Part A లో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఫీజు 1,000.

మొదటి అప్లికేషన్ రెండు పేర్లూ పోయాయి. మొదటిది రుచికి సంబంధించిన మామూలు తెలుగు మాట, చివర్లో హైదరాబాద్ అని తగిలించారు. అదే మాట ఏకవచనంలో పెట్టుకున్న కంపెనీ ఒకటి ముందే ఉంది. ఇన్‌కార్పొరేషన్ రూల్స్‌లో రూల్ 8 చదివితే ఇది ముందే తెలుస్తది: ఏకవచనం బహువచనం తేడా, స్పెల్లింగులో చిన్న తేడా, మాటల మధ్య ఖాళీ, మాటలు అటూ ఇటూ మార్చడం, ఊరి పేరు కలపడం, ఇవన్నీ తీసేసి చూస్తారు, మిగిలింది పాత పేరుతో కలిస్తే పోలిక ఉన్నట్టే. అంటే `ruchulu` ని `ruchuloo` అని రాసి తప్పించుకోలేం. రెండో పేరుకి అలాంటి కంపెనీ లేదుగానీ ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది, రూల్ 8ఏ ప్రకారం రిజిస్టర్ అయిన మార్కే కాదు, అప్లికేషన్ దశలో ఉన్నదైనా ఓనర్ ఒప్పుకోలు లేకపోతే కుదరదు.

రెండో అప్లికేషన్‌కి పని పద్ధతి మార్చాం:

1. ఎంసీఏ పోర్టల్‌లో పేరు వెతికేటప్పుడు ఊరి పేరు, బహువచనం, వ్యాపారం చెప్పే మాటలు తీసేసి, మిగిలిన మూల పదాన్ని రెండు మూడు స్పెల్లింగుల్లో కొట్టి చూడటం.
2. ట్రేడ్‌మార్క్ సెర్చ్ క్లాస్ 29, క్లాస్ 30 రెండిట్లోనూ. పచ్చళ్ళు 29 కిందికొస్తాయి, కారాలు మసాలాలు 30 కింద, ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు.
3. మామూలు మాట బదులు రెండిళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి కొత్త మాట, దాని వెనక ఫుడ్స్.

ఈసారి వచ్చింది. వచ్చిన రోజు నుంచి 20 రోజులు మాత్రమే పేరు మనకోసం ఆగుతది. అందుకే నేను చెప్పేదేంటంటే పేరు వేసే ముందే మెమోరాండం, ఆర్టికల్స్ డ్రాఫ్ట్ రెడీగా ఉండాలి. పేరొచ్చాక ఆర్టికల్స్ మీద చర్చ మొదలెడితే ఆ గడువు ఇట్టే గడిచిపోతది, అప్పుడు అందరూ ఏదో ఒక టెంప్లేట్ మీద సంతకం పెట్టేస్తారు.

ఖర్చు: రెండు అప్లికేషన్లకి 2,000. ఇప్పటిదాకా: 5,400.

దశ 3: మెమోరాండం

షెడ్యూల్ 1 లో టేబుల్ ఎ, షేర్లతో లిమిటెడ్ అయిన కంపెనీకి మెమోరాండం నమూనా. పోర్టల్‌లో ఇదే `INC-33`. పేరు, రాష్ట్రం, ఆబ్జెక్ట్స్, లయబిలిటీ, క్యాపిటల్, చివర సబ్‌స్క్రైబర్లు. ఆబ్జెక్ట్స్ తప్ప మిగతావి నింపడానికి ఎక్కువసేపు పట్టదు.

రిజిస్టర్డ్ ఆఫీసు క్లాజులో తెలంగాణ రాష్ట్రం అని మాత్రమే ఉంటది, వనస్థలిపురం ఉండదు. ఇది గుర్తుంటే ఆఫీసు మార్చే సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదు: అదే నగరం పరిధిలో మారితే మెమోరాండంకి సంబంధమే లేదు, బోర్డు తీర్మానం, `INC-22` చాలు, నగరం దాటితే స్పెషల్ రిజల్యూషన్, రాష్ట్రమే మారితే మెమోరాండమే మారుతది కాబట్టి సెక్షన్ 13 కింద కేంద్ర ప్రభుత్వం ఆమోదం.

ఆబ్జెక్ట్స్ దగ్గర, వాళ్ళు తెచ్చిన సెట్టులో నాలుగు పేజీలు ఉన్నాయి. పచ్చళ్ళతో మొదలై హోటళ్ళు, రియల్ ఎస్టేట్, ఎగుమతులు, ఫైనాన్సింగ్ దాకా పోయింది. ముందుముందు పనికొస్తదని పెట్టారంట. పాత 1956 చట్టంలో మెయిన్, ఇన్సిడెంటల్, అదర్ అని మూడు భాగాలుండేవి, ఆ అదర్ భాగం వారసత్వం ఇది. 2013 చట్టం సెక్షన్ 4(1)(సి) లో రెండే ఉన్నాయి, కంపెనీ ఏ పని కోసం పెడుతున్నారో అది, దాన్ని ముందుకు నడపడానికి కావాల్సినవి. రియల్ ఎస్టేట్ పచ్చళ్ళని ముందుకు నడపదు కదా. ఫైనాన్సింగ్ అని రాస్తే ఇంకో తలనొప్పి, ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ సంగతేంటని ప్రశ్న వస్తది.

మేం ఉంచింది:

3(ఎ): పచ్చళ్ళు, కారప్పొడులు, మసాలాలు తయారీ, ప్యాకింగ్, హోల్‌సేల్, రిటైల్, ఆన్‌లైన్ అమ్మకం. ప్రస్తుతం నడుస్తున్న ప్రొప్రైటర్‌షిప్ వ్యాపారాన్ని ఆస్తులు అప్పులతో సహా తీసుకోవడం.

3(బి): దానికోసం స్థలం, మెషీన్లు కొనడం, లీజుకి తీసుకోవడం, అప్పు తెచ్చుకోవడం, బ్రాండ్ రిజిస్టర్ చేయించడం లాంటివి, ఒక పేజీ.

టేకోవర్ వాక్యం సెట్టులో లేదు, అది లేకపోతే రేపు వదిన షాపు కంపెనీలోకి తెచ్చేటప్పుడు ఏ అధికారంతో అని అడుగుతారు. ఆబ్జెక్ట్స్ దాటి కంపెనీ చేసిన పని చెల్లదు, మెంబర్లంతా ఒప్పుకున్నా చెల్లదు అని 1875 లో యాష్‌బరీ రైల్వే క్యారేజ్ కేసులో చెప్పిందే ఇక్కడ ప్రాక్టికల్‌గా ఎదురయ్యేది.

వ్యాపారం రకాన్ని చెప్పే ఎన్ఐసీ కోడ్ కూడా ఆబ్జెక్ట్స్‌తో కలవాలి. పచ్చళ్ళు, చట్నీల తయారీకి 10306, మసాలాలు పట్టడానికి 10795. ముందు పెట్టిన కోడే కంపెనీ గుర్తింపు నంబరు సీఐఎన్‌లో ఐదంకెలుగా కూర్చుంటది, అమ్మకాల్లో పచ్చళ్ళే ఎక్కువ కాబట్టి 10306 ముందు పెట్టాం.

దశ 4: ఆర్టికల్స్, అసలు పని ఇక్కడే

సెక్షన్ 2(68) చూడండి. ప్రైవేట్ కంపెనీ అంటే దాని ఆర్టికల్స్ మూడు పనులు చెయ్యాలి: షేర్ల బదిలీ హక్కుని పరిమితం చెయ్యాలి, మెంబర్లని 200 కి పరిమితం చెయ్యాలి, సెక్యూరిటీలు తీసుకోమని పబ్లిక్‌ని పిలవకూడదు. అంటే ప్రైవేట్ అన్న గుణం పేరులోనో ఫారంలోనో లేదు, ఆర్టికల్స్‌లో ఉంది.

వాళ్ళు తెచ్చిన సెట్టు ఆర్టికల్స్ మొత్తం టేబుల్ ఎఫ్ కాపీ, మొదట్లో ఒక పేరా మాత్రం అదనం: కంపెనీ ప్రైవేట్ కంపెనీ, కావున షేర్ల బదిలీ పరిమితం. అంతే, ఎలా పరిమితమో లేదు. ఎలా అన్నదానికి టేబుల్ ఎఫ్ లోకి పోతే రెగ్యులేషన్ 20 దొరుకుతది, బోర్డు బదిలీని ఎప్పుడు కాదనొచ్చో చెప్పేది అదే. రెండే సందర్భాలు:

(ఎ) పూర్తిగా డబ్బు కట్టని షేరుని బోర్డుకి నచ్చని మనిషికి బదిలీ చేస్తే,
(బి) బాకీ కింద కంపెనీకి పట్టు హక్కు, అంటే లీన్, ఉన్న షేరు అయితే.

వీళ్ళ షేర్లకి మొదటి రోజే పది రూపాయలూ కట్టేస్తారు, కంపెనీకి బాకీ ఏం లేదు. అంటే (ఎ) వర్తించదు, (బి) వర్తించదు, బోర్డు చేతిలో ఏమీ లేదు. టేబుల్ ఎఫ్ అన్ని రకాల షేర్ లిమిటెడ్ కంపెనీలకి నమూనా, పబ్లిక్ కంపెనీకి కూడా అదే, అందుకే అందులో ప్రైవేట్ తనం వెతికితే దొరకదు. పైగా సెక్షన్ 5(8) ప్రకారం మన ఆర్టికల్స్ తీసెయ్యనిదీ మార్చనిదీ అంతా టేబుల్ ఎఫ్ నుంచి దానంతటదే వర్తిస్తది, మనం ఊరుకుంటే రెగ్యులేషన్ 20 వచ్చి కూర్చుంటది.

ఇదంతా చెప్తే వదిన నవ్వి, "మేమిద్దరం ఎన్నడన్న కొట్లాడుకున్నమా బాబూ, గివన్నెందుకు? మా మధ్యల మాటనే కాయితం" అన్నారు. మా సార్ వెంటనే వి.బి. రంగరాజ్ వర్సెస్ వి.బి. గోపాలకృష్ణన్ కేసు ఎత్తారు, సుప్రీంకోర్టు, 1992 రిపోర్టుల్లో ఉంటది. అక్కడ కూడా కుటుంబ కంపెనీయే, ఇద్దరి చేతిలో చెరో 25 షేర్లు, ఏ శాఖ వాళ్ళైనా అమ్మాలనుకుంటే ముందు తమ శాఖ వాళ్ళకే ఇవ్వాలని నోటి మాట ఒప్పందం. తర్వాతి తరంలో ఒకతను అవతలి శాఖకి అమ్మేశాడు. కోర్టు ఏమంది, బదిలీ మీద పరిమితి ఆర్టికల్స్‌లో ఉంటేనే కంపెనీని, మెంబర్లని కట్టేస్తది, బయట చేసుకున్న ఒప్పందం కట్టెయ్యదు అంది. మరదలు "అయితే కాయితంలనే రాయుండ్రి సార్" అన్నారు, చర్చ అక్కడితో తేలింది.

మాటల్లో కాకుండా అంకెల్లో పెట్టి చూపించాం. మరదలు రేపు బెంగళూరు వెళ్ళిపోయి తన 10,000 లో 4,000 షేర్లు అమ్మాలనుకున్నారనుకోండి.

సెట్టు ఆర్టికల్స్ ప్రకారం: బయటి మనిషి ఒకరికి అమ్మి బదిలీ ఫారం `SH-4` మీద సంతకాలు చేసి, స్టాంప్ వేసి, 60 రోజుల్లో కంపెనీకి ఇస్తారు. బోర్డు కాదనడానికి పైన చూసిన రెండు కారణాల్లో ఏదీ లేదు. ఇప్పుడు వదిన 10,000, మరదలు 6,000, బయటి మనిషి 4,000. ఆర్డినరీ రిజల్యూషన్‌లో ఒకవైపు 10,000, ఒకవైపు 10,000, వదినకి గెలవడానికి ఆ కొత్త మనిషి కావాలి, వదినని ఆపడానికి మరదలికీ ఆయనే కావాలి. ఇరవై శాతం ఉన్నాయన చేతిలో కంపెనీ.

మేం రాసిన ఆర్టికల్స్ ప్రకారం: ముందు వదినకి చూపించాలి. వదిన కొంటే 14,000, 6,000. డెబ్భై, ముప్పై శాతం. ఆర్డినరీ రిజల్యూషన్లు వదిన ఒక్కరే నెగ్గించుకోగలరు, కానీ స్పెషల్ రిజల్యూషన్‌కి అనుకూలం వ్యతిరేకానికి మూడు రెట్లు ఉండాలి, 6,000 కి మూడు రెట్లు 18,000, వదిన దగ్గర 14,000 మాత్రమే. కాబట్టి ఆర్టికల్స్ మార్చాలంటే మరదలి మాట ఇంకా కావాలి.

ఇదే లెక్క ఇంకో ప్రశ్నకి కూడా జవాబు. ఎంట్రెంచ్‌మెంట్, అంటే సెక్షన్ 5(3) కింద కొన్ని ఆర్టికల్స్ మార్చడానికి స్పెషల్ రిజల్యూషన్ కంటే గట్టి షరతు పెట్టాలా అని. 25 శాతానికి మించి ఎవరి దగ్గరున్నా ఒక్కరే ఆపగలరు, కాబట్టి ఇప్పటికి అక్కర్లేదని వదిలేశాం. ఎవరైనా పావు వంతు కిందికి దిగే ఇన్వెస్ట్‌మెంట్ వస్తే అప్పుడు పెట్టుకోవచ్చు, ప్రైవేట్ కంపెనీలో తర్వాత పెట్టాలంటే మాత్రం మెంబర్లందరూ ఒప్పుకోవాలి.

చివరికి బదిలీ ఆర్టికల్ ఇలా తేలింది, ఫైల్ చేసింది ఇంగ్లిష్‌లో, సారం ఇది:

1. అమ్మదల్చుకున్న మెంబర్ ఎన్ని షేర్లు, ఏ ధరకి, ఎవరికి అన్నది రాసి కంపెనీకి నోటీసు ఇవ్వాలి.
2. కంపెనీ 7 రోజుల్లో మిగతా మెంబర్లకి పంపాలి, ఎవరెన్ని షేర్లు పట్టుకున్నారో ఆ దామాషాలో.
3. వాళ్ళకి జవాబుకి 30 రోజులు. జవాబు లేకపోతే వద్దన్నట్టే.
4. ధర మీద పేచీ వస్తే రిజిస్టర్డ్ వాల్యుయర్ కట్టిన విలువే ధర, ఖర్చు చెరి సగం.
5. మెంబర్లు తీసుకోకపోతే 90 రోజుల్లోగా, ముందు చెప్పిన ధరకి తగ్గకుండా, బయటివాళ్ళకి అమ్మొచ్చు. అయినా బోర్డు కారణం రాసి కాదనొచ్చు.
6. పెళ్ళైన ఆడవాళ్ళ కంపెనీ కాబట్టి భర్తకి, పిల్లలకి ఇచ్చే బదిలీకి 1 నుంచి 5 వర్తించవు.

మొదటి డ్రాఫ్టులో 4 లేదు. అది లేకపోతే మొత్తం మెషీనుకి బ్రేకులు లేనట్టే, అమ్మే మనిషి షేరు వెయ్యి రూపాయలని చెప్తే ఎదుటివాళ్ళు కొనలేక ఊరుకుంటారు, ముందు చూపించినట్టూ అవుతది, బయటికి పోయినట్టూ అవుతది. అలాగే 5 లో తగ్గకుండా అన్న మాట లేకపోతే వదినకి వెయ్యి చెప్పి బయట వందకి అమ్మొచ్చు. ఆ రెండు మాటలు చేర్చాకే ఇది నడిచే క్లాజు అయింది.

5 చివర్లో బోర్డుకి ఇచ్చిన అధికారానికి హద్దుంది. సెక్షన్ 58 ప్రకారం కాదంటే `SH-4` అందిన 30 రోజుల్లో కారణాలతో నోటీసు ఇవ్వాలి, కొన్నవాళ్ళు ట్రిబ్యునల్‌కి పోవచ్చు, నోటీసు అందిన 30 రోజుల్లో, అసలు నోటీసే రాకపోతే `SH-4` ఇచ్చిన 60 రోజుల్లో. బదిలీ పూర్తిగా నిషేధం అని రాయడం కూడా కుదరదు, చట్టం అన్నది పరిమితం చెయ్యమని, ఆపెయ్యమని కాదు.

మరణం సంగతి వేరే. చనిపోయిన మెంబర్ షేర్లు వారసులకి పోవడం ట్రాన్స్‌మిషన్, అది బదిలీ కాదు, పైన రాసిన పరిమితి దానికి దానంతటదే పట్టదు. టేబుల్ ఎఫ్ లో 23 నుంచి ఉన్న రెగ్యులేషన్లే ఉంచేశాం, ఇద్దరూ అదే కావాలన్నారు.

ఇంకోటి మార్చింది రెగ్యులేషన్ 68. బోర్డులో ఓట్లు సమానమైతే చైర్‌పర్సన్‌కి రెండో ఓటు, కాస్టింగ్ ఓటు అంటారు. పది మంది డైరెక్టర్లున్న బోర్డులో అది చిన్న విషయం. ఇద్దరే ఉన్న బోర్డులో చైర్‌పర్సన్ కుర్చీ ఎవరిదైతే కంపెనీ వాళ్ళది, చెరి సగం పెట్టుబడికి అర్థమే లేదు. ఆ వాక్యం తీసేశాం. మరి పీటముడి పడితే? ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్న పెద్దమనిషి దగ్గరికి పోవాలని పెట్టాం, ఆయన చెప్పేది సలహా మాత్రమే, బోర్డు నిర్ణయం బయటివాళ్ళ చేతికి ఇవ్వలేం. ఇది గట్టి పరిష్కారం కాదని నాకూ తెలుసు, ఇద్దరి కంపెనీలో గట్టి పరిష్కారం అంటే ఒకరు ఇంకొకర్ని కొనేసే క్లాజు, దానికి వాళ్ళు సిద్ధంగా లేరు.

ఆర్టికల్స్ ఫారం `INC-34` తెరిస్తే టేబుల్ ఎఫ్ రెగ్యులేషన్లన్నీ వరసగా ఉంటాయి, ప్రతిదాని పక్కన రెండు చిన్న గడులు, వర్తించకపోతే టిక్ పెట్టడానికి ఒకటి, మార్చితే టిక్ పెట్టడానికి ఒకటి. టిక్ లేకుండా వదిలేసింది అలాగే వర్తిస్తది. మార్చాం అని టిక్ పెడితేనే ఆ వరసలో మన మాటలు రాయనిస్తది. మేం 20 కి, 68 కి మార్చాం అని టిక్ పెట్టి, 2(68) లోని మూడు షరతులూ, మొదటి డైరెక్టర్ల పేర్లూ అదనపు ఆర్టికల్స్‌గా చేర్చాం. ఎవరిదైనా పాత కంపెనీ ఆర్టికల్స్ చదివేటప్పుడు ముందు ఈ టిక్కులు చూడండి, అసలు డ్రాఫ్టింగ్ జరిగిందో లేదో అక్కడే తెలిసిపోతది.

దశ 5: Part B, అడ్రసు

Part B తో పాటు `INC-33`, `INC-34`, `INC-9`, `AGILE-PRO-S` కలిసి పోతాయి. డైరెక్టర్ల గుర్తింపు నంబరు డిన్, కంపెనీకి పాన్, టాన్, ఈపీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు ఖాతా అన్నీ ఇందులోనే. మా సార్ ప్రొఫెషనల్ డిక్లరేషన్ ఇచ్చారు, సెక్షన్ 7 కింద తప్పుడు సమాచారం ఇస్తే ఆ సంతకం పెట్టినవాళ్ళు కూడా ఇరుక్కుంటారు, అందుకే ఆయన ఇల్లు చూసొచ్చాకే పెట్టారు.

తిరిగొచ్చింది అడ్రసు దగ్గర. రిజిస్టర్డ్ ఆఫీసు మామగారి ఇల్లు. కరెంటు బిల్లులో ప్లాట్ నంబరు, కాలనీ పేరు ఉన్నాయి. ఇంటి పన్ను రసీదులో డోర్ నంబరు, గీతల మధ్య నాలుగు అంకెల ముక్కలు. మామగారి ఎన్‌వోసీలో డోర్ నంబరు, ఫారంలో ప్లాట్ నంబరు. హైదరాబాద్ వాళ్ళకి రెండూ ఒకే ఇల్లని తెలుసు, మానేసర్‌లో ఉన్న సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్‌లో ఫారం చూసే ఆయనకి ఎలా తెలుస్తది. సవరించింది:

1. ఫారంలో అడ్రసు: డోర్ నంబరు, ప్లాట్ నంబరు, కాలనీ, ఈ వరసలో రెండూ.
2. ఎన్‌వోసీ కొత్తగా, రెండు నంబర్లూ ఒకటే ఇల్లని ఒక వాక్యంతో.
3. కరెంటు బిల్లు రెండు నెలలు దాటనిది, పాతది మార్చేశాం.

రీసబ్మిషన్‌లో సర్టిఫికెట్ వచ్చింది.

ఖర్చు: స్టాంప్ డ్యూటీ ఫారంకి 20, మెమోరాండంకి 500, ఆర్టికల్స్‌కి ఆథరైజ్డ్ క్యాపిటల్‌లో 0.15 శాతం అంటే 1,500, మొత్తం 2,020. పాన్, టాన్ ఫీజు 150 లోపు. ఇప్పటిదాకా: దాదాపు 7,570, మా ఆఫీసు ఫీజు కాకుండా.

ఒక చిన్న మాట, పాత పుస్తకాల్లో సర్టిఫికెట్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్ తిరుగులేని సాక్ష్యం అని ఉంటది, అది 1956 చట్టం సెక్షన్ 35. కొత్త చట్టంలో ఆ సెక్షన్ లేదు, పైగా 7(7) కింద తప్పుడు సమాచారంతో వచ్చిన రిజిస్ట్రేషన్ మీద ట్రిబ్యునల్ చర్య తీసుకోవచ్చు, కంపెనీ పేరు తీసెయ్యమనొచ్చు, మెంబర్ల లయబిలిటీ అన్‌లిమిటెడ్ అని కూడా చెప్పొచ్చు.

దశ 6: సర్టిఫికెట్ తర్వాత

గడువులన్నీ సర్టిఫికెట్ తేదీ నుంచే:

1. 30 రోజుల్లో మొదటి బోర్డు మీటింగ్, అదే 30 రోజుల్లో బోర్డు మొదటి ఆడిటర్‌ని వెయ్యాలి.
2. 2 నెలల్లో షేర్ సర్టిఫికెట్లు.
3. 180 రోజుల్లో `INC-20A`.

మూడోదే జాగ్రత్త. సెక్షన్ 10ఏ ప్రకారం ప్రతి సబ్‌స్క్రైబరూ తను తీసుకుంటానన్న షేర్ల డబ్బు కట్టారని డైరెక్టర్ డిక్లరేషన్ ఇవ్వాలి, అప్పటిదాకా కంపెనీ వ్యాపారం మొదలెట్టకూడదు, అప్పు తేకూడదు. వెయ్యకపోతే కంపెనీకి 50,000 పెనాల్టీ, బాధ్యులైన ఆఫీసర్లకి రోజుకి వెయ్యి చొప్పున లక్ష దాకా. అందుకే అప్పటిదాకా సూపర్‌మార్కెట్ ఆర్డర్లు పాత ప్రొప్రైటర్‌షిప్ బిల్లు మీదే పోయాయి.

ఫైల్ చేసే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే రెండు లక్షలు ఒకే ఎంట్రీ, వదిన ఖాతా నుంచి. మరదలి లక్ష ఇంట్లో చేతికిచ్చేశారంట. ఇంట్లో లెక్క సరిపోవచ్చు, స్టేట్‌మెంట్ మాత్రం ఒక్కరే కట్టారంటోంది. లక్ష వెనక్కి పంపించి, మరదలి సొంత ఖాతా నుంచి మళ్ళీ వేయించాం, నెరేషన్‌లో షేర్ అప్లికేషన్ మనీ అని. రెండు ఎంట్రీలు, రెండు పేర్లు, అప్పుడు `INC-20A` వేశాం.

ఖర్చు: `INC-20A` ఫీజు 400. మొత్తం: దాదాపు 7,970.

గేటు దగ్గర బోర్డు పెయింటర్ ఇంగ్లిష్‌లో మాత్రమే రాసి వెళ్ళాడు. సెక్షన్ 12(3) ప్రకారం ఆ ప్రాంతంలో వాడే భాష అక్షరాల్లో కూడా ఉండాలి, కింద తెలుగులో పేరు, అడ్రసు రాయించాం. ఫుడ్ లైసెన్స్ వదిన పేరు మీద ఉంది, కంపెనీ వేరే వ్యక్తి కాబట్టి కంపెనీ పేరుతో కొత్తది అప్లై చేశారు.

మిగిలింది షేర్ సర్టిఫికెట్లు. చిన్న కంపెనీ కాబట్టి డీమాట్ తప్పనిసరి కాదు, `SH-1` లో రెండు సర్టిఫికెట్లు, 1 నుంచి 10,000 వదినకి, 10,001 నుంచి 20,000 మరదలికి, ఇద్దరు డైరెక్టర్ల సంతకాలతో. మెంబర్ల రిజిస్టర్‌లో ఇద్దరి పేజీలు తెరిచాం, రెండిట్లోనూ రిమార్క్స్ కాలంలో బదిలీ ఆర్టికల్ నంబరు రాసిపెట్టాం, రేపు ఎవరైనా `SH-4` పట్టుకొస్తే రిజిస్టర్ తెరిచినవాళ్ళకి ముందు అదే కనపడాలని.